బ్యాంకాక్ వెళ్లేముందు నగదు జాగ్రత్తలు

☐ ఆ రోజు మార్కెట్ రేటు ఫోన్‌లో చూసి రాసుకోండి. థాయ్‌లాండ్ కరెన్సీ బాత్ 2.60 రూపాయలు ఉందనుకుందాం. ఎయిర్‌పోర్టు కౌంటర్‌లో 2.95 అన్నారంటే 10,000 బాత్‌లకు 3,500 రూపాయలు ఎక్కువ పోసినట్టే. "కమిషన్ లేదు" అన్న బోర్డు నమ్మకండి, వాళ్ల లాభం రేటులోనే కలిసి ఉంటుంది. అక్కడ అద్దెలు ఎక్కువ, పైగా విమానం ఎక్కబోయేవాళ్లకు బేరమాడే తీరిక ఉండదు.

☐ మూడు రోజుల ముందే ఊళ్లో లైసెన్సున్న ఇద్దరు డీలర్లను అడగండి. జీఎస్టీ పోను చేతికి ఎన్ని బాత్‌లొస్తాయన్నదే లెక్క. పాస్‌పోర్టు, టికెట్ వెంట ఉండాలి. మొత్తం 50,000 రూపాయలు దాటితే నగదు తీసుకోరు, బ్యాంకు ద్వారానే కట్టాలి.

☐ బ్యాంకాక్‌లోని ఏటీఎంలు విదేశీ కార్డుకు ప్రతిసారీ 200 బాత్‌లకు పైనే తీసుకుంటాయి. కాబట్టి కావలసింది ఒకేసారి తీయండి. రూపాయల్లో లెక్కకట్టమంటారా అని స్క్రీన్ మీద వస్తే వద్దనే నొక్కండి. ఒప్పుకుంటే మళ్లీ ఆ కౌంటర్ లాంటి రేటే పడుతుంది.