ఆదివారం పడిన ఈఎంఐ ఏ రోజు కట్ అవుతుంది?

వాయిదా తేదీ ఆదివారం వస్తే సోమవారం ఉదయం డబ్బు వేద్దామనుకుంటాం. ఆ లోపే వాయిదా బౌన్స్ అయి, జరిమానా పడుతుంది.

2021 ఆగస్టు 1 నుంచి నాచ్ విధానం ఆదివారాల్లో, బ్యాంకు సెలవుల్లో కూడా పనిచేస్తోంది. మన ఖాతా నుంచి ఈఎంఐలు, సిప్ వాయిదాలు ఎక్కువగా దీని ద్వారానే కట్ అవుతాయి. ఉదాహరణకు, 5వ తేదీ ఈఎంఐ ఉందనుకోండి. 2026 జులై 5 ఆదివారం. 8,000 రూపాయల వాయిదా అయితే 4వ తేదీ శనివారం సాయంత్రానికే ఖాతాలో 8,000తో పాటు కనీస నిల్వ కూడా ఉండాలి. శనివారం చెక్కు వేసి ఊరుకోవద్దు, అది ఆదివారానికి జమ కాకపోవచ్చు. యూపీఐతో గానీ, నెఫ్ట్‌తో గానీ పంపండి.

తర్వాత రుణ ఒప్పందంలో వాయిదాల భాగం ఒకసారి చూడండి. ‘తదుపరి పని దినం’ అని ఉంటే సోమవారం, ‘మునుపటి పని దినం’ అని ఉంటే శనివారం. ఏమీ రాయకపోతే ఆదివారమే కట్ అవుతుందనుకుని సిద్ధంగా ఉండడం మేలు.

గడువు తేదీ ఉన్న ప్రామిసరీ నోటుకు మాత్రం ఈ లెక్క వర్తించదు. గడువు సెలవు రోజున ముగిస్తే దానికి ముందు పని దినానే చెల్లించాలని నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 25వ సెక్షన్ చెబుతోంది.