అరువు నెలల్లో సరుకు తగ్గించాలంటే: చీటీలో గీతలు కొట్టకండి, అన్నిటినీ ఒకే పాళ్లలో దించండి

మొన్న శుక్రవారం మా మండల కేంద్రంలో బస్టాండు వెనకున్న కిరాణా కొట్టు షట్టరు దించేశారు. ఆ వీధిలో నేను లెక్కలు రాసే కొట్లలో అదీ ఒకటి. గిరాకీ లేక మూతపడిన కొట్టు కాదు అది. పోయిన ఏడాది జూన్‌లో ఆ కొట్టాయన తన సరుకుల చీటీ మీద బాల్‌పెన్నుతో కొట్టిన రెండు గీతల దగ్గర మొదలైంది ఈ కథ. ఈ జూన్‌లో ఇంకెవరూ ఆ గీతలు కొట్టకూడదని ఇది రాస్తున్నాను.

జూన్ నుంచి పత్తి తీత దాకా పల్లె కొట్టు ఎలా నడుస్తుందో మీకు తెలుసు. విత్తనాలు, ఎరువులు, పిల్లల ఫీజులు అన్నీ ఒక్కసారే మీద పడతాయి. జనం తినడం మానరు కాబట్టి అమ్మకం తగ్గదు, గల్లాలో నోట్లు తగ్గుతాయి. అరువు ఎవరికివ్వాలో, ఎలా వసూలు చేసుకోవాలో నేను చెప్పను, అది మీకే బాగా తెలుసు. సరుకులో పెట్టే డబ్బు తగ్గినప్పుడు ఏది ఎంత తగ్గించాలన్నదే నా మాట.

ఆయనకు అప్పుడు సరుకులో పెట్టడానికి మామూలుగా పెట్టే దానిలో సగం కంటే కాస్త ఎక్కువే మిగిలింది. బియ్యం, నూనె ఎక్కువ పోతాయి కదా అని వాటిని దాదాపు మామూలుగానే తెచ్చారు. కందిపప్పు మీద ఒక గీత, సబ్బులు, టీపొడి మీద ఒక గీత. ఒకరోజు నేను కౌంటరు పక్కన కూర్చుని పద్దులు చూస్తుండగా ఒకావిడ నెల సరుకుల చీటీతో వచ్చింది. "పప్పు లేదా అన్నా?" అంది. "ఎల్లుండి వస్తుందమ్మా, మిగతావి కట్టమంటావా?" అన్నారు ఆయన. ఆవిడ కాసేపు నిలబడి, చీటీ మడిచి కొంగున ముడేసుకుని ఎదుటి కొట్టుకు వెళ్లింది. పప్పు ఒక్కటే కాదు, చీటీ మొత్తం అక్కడే కట్టించుకుంది. పాత బాకీ మాత్రం ఈయన పుస్తకంలోనే ఉండిపోయింది. వేరే కొట్టులో కొంటూ ఈ గుమ్మం తొక్కడానికి మొహం చెల్లదు కదా, మనిషి రావడమే మానేసింది. అలాంటి పేజీలు ఆ పుస్తకంలో నలభై దాకా ఉన్నాయి.

అందుకే చెబుతున్నాను: ఏ సరుకునూ కొట్టేయకండి. అన్నిటినీ ఒకే పాళ్లలో దించండి.

పాళ్లు అంటే దేనిలో పాళ్లు? ముందుగా డబ్బుకు కొరత లేనప్పుడు ఒక్కో సరుకు ఒక్కసారికి ఎంత తేవాలో తెలియాలి. బీకాంలో చదువుకునే ఈఓక్యూ ఇదే. 1913లో ఫోర్డ్ హారిస్ అనే అమెరికా ఇంజనీరు రాసిన సూత్రం, ఇప్పటికీ పనికొస్తుంది. తెచ్చిన ప్రతిసారీ ఆటో బాడుగ, హమాలీ పడతాయి కాబట్టి ఎక్కువ తేవాలనిపిస్తుంది. ఎక్కువ తెస్తే డబ్బు బస్తాల్లో ఇరుక్కుని వడ్డీ పడుతుంది. ఈ రెండు ఖర్చులూ సమానమైన చోటే మొత్తం ఖర్చు అన్నిటికంటే తక్కువ.

లెక్కకు సులువుగా అంకెలు సర్ది ఒక కొట్టు తీసుకుందాం. నాలుగు సరుకులు నాలుగు చోట్ల నుంచి వస్తాయి, ఏది తెచ్చినా ఒక్కో రాకకు ఖర్చు 400 రూపాయలు. వడ్డీ నూటికి నెలకు రెండు రూపాయలు. నెలకు కొనుగోలు ధరలో బియ్యం 1,60,000, నూనె 90,000, కందిపప్పు 40,000, సబ్బులు, టీపొడి కలిపి 10,000 రూపాయలవి పోతాయి. ఫోన్‌లో ఎక్సెల్ ఉంటే బియ్యానికి ఇలా కొట్టండి:

```
=SQRT(2*400*160000/0.02)
```

80,000 వస్తుంది. అదే పద్ధతిలో నూనె 60,000, పప్పు 40,000, సబ్బులు 20,000. మొత్తం రెండు లక్షలు. నెలకు ఐదు రాకలు, 2,000 రూపాయలు. సరుకు సగటున లక్ష రూపాయలది నిలవ ఉంటుంది, దాని వడ్డీ 2,000. రెండూ సమానం, మొత్తం 4,000.

ఇప్పుడు చేతిలో ఉన్నది 1,20,000 అనుకోండి. రెండు లక్షల్లో అది 0.6 వంతు. ప్రతి సరుకునూ 0.6తో గుణించండి. బియ్యం 48,000, నూనె 36,000, పప్పు 24,000, సబ్బులు 12,000. నెలకు ఎనిమిది రాకలు దాటుతాయి, వాటికి 3,333 రూపాయలు. వడ్డీ 1,200కు దిగుతుంది. మొత్తం 4,533. పెట్టుబడి నూటికి నలభై తగ్గితే నెల ఖర్చు పెరిగింది 533 రూపాయలే. దానికి భయపడి సరుకు కొట్టేయాలా?

న్యాయంగా అనిపించే ఇంకో రెండు పద్ధతుల్లోనూ ఇదే ప్రమాదం దాగుంది. తగ్గిన 80,000ను నాలుగు సరుకులకూ పంచి తలా 20,000 కోస్తే బియ్యం 60,000 దగ్గర నిలబడుతుంది, సబ్బులు సున్నా అవుతాయి. గీత కొట్టకుండానే కొట్టేసినట్టు! ఉన్న 1,20,000ను తలా 30,000గా పంచితే ఏ సరుకూ సున్నా కాదు. కానీ బియ్యం కోసం నెలకు ఐదుసార్లకు పైగా తిరగాలి, సబ్బులు మూడు నెలలు అరలో కూర్చుంటాయి. నెల ఖర్చు 5,200. అదే డబ్బు, అదే నిలవ, ఖర్చు మాత్రం పాళ్ల పద్ధతి కంటే 667 ఎక్కువ.

ఒకే పాళ్లు ఎందుకు సరైనవో ఒక చిన్న పరీక్షతో తెలుస్తుంది. 0.6 దగ్గర బియ్యం నుంచి ఇంకో వెయ్యి రూపాయలు తీసేస్తే నెలకు రాకల ఖర్చు 28 రూపాయలు పెరుగుతుంది. సబ్బుల నుంచి తీసినా 30 పెరుగుతుంది, దాదాపు అంతే. ఏ సరుకు నుంచి తీసినా దెబ్బ ఒకటే కాబట్టి అటుదిటు మార్చి మిగుల్చుకునేదేమీ లేదు. తలా 30,000 పద్ధతిలో అదే వెయ్యిని బియ్యం నుంచి తీస్తే 74 రూపాయల దెబ్బ, సబ్బుల నుంచి తీస్తే 5. అంటే డబ్బు చోటు తప్పి కూర్చుందన్నమాట.

ఒక్క మినహాయింపు ఉంది. వడ్డీ కాకుండా పాడైపోయే నష్టం కూడా ఉన్న సరుకులకు ఒకే పాళ్లు వర్తించవు. వానాకాలంలో బెల్లం చెమ్మగిల్లుతుంది, రవ్వలో పురుగు పడుతుంది. బెల్లానికి వడ్డీ రెండు, పాడయ్యేది నాలుగు కలిపి నెలకు నూటికి ఆరు అనుకోండి. సూత్రంలో 0.02 బదులు 0.06 వేస్తారు కాబట్టి దాని ఆర్డరు ముందే చిన్నది. ఇలాంటిదాన్ని మిగతావాటితోపాటు 0.6కు దించకూడదు, 0.8 దగ్గర ఆపాలి. పాడయ్యే సరుకును ఎక్కువ కోయాలని అందరికీ అనిపిస్తుంది, లెక్క దానికి ఎదురు చెబుతుంది. దాని కోత సూత్రంలోనే సగం జరిగిపోయింది.

సరుకు పెంచుకోవడానికి అప్పు తేవాలా అని చాలామంది అడుగుతారు. పై కొట్టులో ఇంకో 10,000 పెడితే పాళ్లు 0.65 అవుతాయి, రాకల ఖర్చు నెలకు 256 తగ్గుతుంది. ఆ పదివేలకు రెండు రూపాయల వడ్డీ అయితే 200, తెచ్చుకోవచ్చు. మూడు రూపాయల వడ్డీ అయితే 300, తేవద్దు.

ఇక మిగిలినవి వరసగా చెబుతాను, చీటీ వెనక రాసి పెట్టుకోండి.

పరిమాణం తగ్గించిన రోజే తేదీలూ మార్చండి. బియ్యం 15 రోజులకోసారి తెచ్చేవాళ్లు ఇక 9 రోజులకోసారి తేవాలి. నూనె 20 నుంచి 12కు, పప్పు 30 నుంచి 18కి, సబ్బులు 60 నుంచి 36కు వస్తాయి. సరుకు తగ్గించి పాత తేదీకే వెళితే పదో రోజున బియ్యం ఉండవు. అదీ కొట్టేసినట్టే.

నాలుగూ వేర్వేరు రోజుల్లో వస్తాయి కదా, డబ్బు మిగులుతుంది కదా అని పాళ్లు పెంచకండి. ఒకే రోజు మొదలుపెడితే 36వ రోజున నాలుగూ కలిసి వస్తాయి. ఆ రోజు మొత్తం 1,20,000 చేతిలో ఉండాలి.

ఆపదకని వెనక పెట్టుకునే నాలుగు బస్తాలను ఈ లెక్కలో కలపకండి, వాటిని 0.6తో గుణించకండి. వాగు పొంగి ఆటో రాని రోజున అవే దిక్కు.

సగం బస్తా ఎవరూ ఇవ్వరు. పెద్ద సరుకును కింది బస్తాకు సర్దండి, చిన్న సరుకును పైకి సర్దండి. చిన్నదాన్ని కిందికి సర్దితే సున్నాకు చేరుతుంది.

పన్నెండు కొంటే ఒకటి ఉచితం అనే స్కీమ్‌లకు అక్టోబరు దాకా దూరం.

ఏజెన్సీవాళ్లు ఇంతకు తక్కువ ఇవ్వం అంటే, ఆ సరుకు మానేయకుండా పక్క కొట్టాయనతో కలిసి తెచ్చి పంచుకోండి.

ప్రతి నెలా ఒకటో తారీఖున పాళ్లు మళ్లీ లెక్కకట్టండి. అరువు పెరిగే కొద్దీ 0.6 కాస్తా 0.55 అవుతుంది, పాత అంకెతో నడిపితే నెలాఖరుకు నాలుగో సరుకుకు డబ్బు చాలదు.

రావలసిన బాకీని చేతిలో డబ్బుగా లెక్కించకండి.

పాళ్లు 0.5 దాటి కిందికి పోతే ఆగి ఆలోచించండి. 0.6 దగ్గర నూటికి 13 పెరిగిన ఖర్చు 0.5 దగ్గర 25 అవుతుంది, ఆ తర్వాత ఇంకా వేగంగా ఎక్కుతుంది. అప్పుడు కూడా మీ అంతట మీరు పెన్ను తీసి గీత కొట్టకండి. బియ్యంలో ఐదు రకాలుంటే మూడు చేయండి, సబ్బుల్లో ఎనిమిది కంపెనీలుంటే నాలుగు చేయండి. చీటీలో ఆవిడ రాసిన ప్రతి పేరుకూ అరలో ఏదో ఒకటి ఉండాలి.

చీటీ మీద గీత కొట్టకండి.