గీత నిటారుగా లేస్తే వృద్ధి ఎక్కువేనా? (లైన్ గ్రాఫ్ పాఠాలు – 4)

గ్రాఫులో బిందువు నుంచి విలువ చదవడం గత పాఠంలో చూశాం. ఈసారి రెండు కంపెనీల వృద్ధి రేట్లను పోల్చుదాం. హనుమకొండలో నా దగ్గరికి సాయంత్రం పూట వచ్చే అభ్యర్థుల్లో గుణకారం, భాగహారం చకచకా చేసేవాళ్లు కూడా ఇక్కడ మార్కులు పోగొట్టుకుంటున్నారు. లెక్క తప్పడం వల్ల కాదు, కంటిని నమ్మడం వల్ల.

ముందు ఒక గళ్ల కాగితం తీసుకోండి. అడ్డంగా 2019 నుంచి 2023 వరకు సంవత్సరాలు, నిలువుగా అమ్మకాలు కోట్ల రూపాయల్లో వేయండి. ‘అ’ కంపెనీ అమ్మకాలు వరుసగా 40, 50, 60, 75, 90. ‘ఆ’ కంపెనీవి 120, 135, 150, 165, 180. ఇవి నేను సాధన కోసం వేసుకున్న అంకెలు. బిందువులు కలిపితే ‘ఆ’ గీత పైన తిన్నగా సాగుతుంది, ‘అ’ గీత చాలా కింద ఉంటుంది.

2020లో ఏ కంపెనీ వృద్ధి రేటు ఎక్కువ?

పరకాల నుంచి వచ్చే ఒక విద్యార్థి వెంటనే, “‘ఆ’ కంపెనీదే సార్, దాని గీత ఎక్కువ నిటారుగా లేచింది” అన్నాడు. నిజమే, అది 15 కోట్లు పెరిగింది, ‘అ’ పెరిగింది 10 కోట్లే. అయితే అతను చెప్పింది పెరుగుదల. ప్రశ్న అడిగింది వృద్ధి రేటు. వాళ్లది పత్తి పండించే ఇల్లు కాబట్టి పొలం లెక్కలోనే అడిగాను. రెండెకరాల రైతు ఇంకో ఎకరం కౌలుకు తీసుకున్నాడు, పదెకరాల రైతూ ఇంకో ఎకరం తీసుకున్నాడు. ఎవరి సాగు ఎన్నో వంతు పెరిగింది? మొదటివాడిది సగం, రెండోవాడిది పదో వంతు. గ్రాఫులో గీత వాలు ఆ ఒక్క ఎకరాన్నే చూపిస్తుంది, అంతకుముందు ఎంత ఉందో చూపించదు.

కాబట్టి పెరిగినదాన్ని పాత విలువతో భాగించాలి. ‘అ’కు 10/40, అంటే నాలుగో వంతు, 25 శాతం. ‘ఆ’కు 15/120, అంటే ఎనిమిదో వంతు, 12.5 శాతం. పోల్చడమే పని అయితే శాతం దాకా వెళ్లనక్కర్లేదు, నాలుగో వంతు పెద్దదా ఎనిమిదో వంతు పెద్దదా అని చూస్తే చాలు. హారంలో పాత సంవత్సరం విలువే రావాలన్నది మాత్రం మరవకండి. తొందరలో కొత్త విలువ 50తో భాగిస్తే 20 శాతం వస్తుంది. ఆ 20 కూడా ఇచ్చిన జవాబుల్లో ఉంటుందనే అనుకోండి. ప్రశ్నపత్రం తయారుచేసేవారికి ఈ పొరపాటు బాగా తెలుసు.

ఇప్పుడు 2022 చూడండి. రెండూ 15 కోట్లే పెరిగాయి కాబట్టి ఆ ముక్క దగ్గర గీతలు సమాంతరంగా ఉంటాయి. రేట్లు మాత్రం 15/60, 15/150. ఒకటి 25 శాతం, ఇంకొకటి 10 శాతం.

నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి ‘ఆ’ గీతలో ఉంది. అది స్కేలు పెట్టి గీసినంత తిన్నగా ఉంది. చూడగానే వృద్ధి రేటు స్థిరంగా ఉందనిపిస్తుంది. కానీ ఏటా అదే 15 కోట్లను 120తో, 135తో, 150తో, 165తో భాగిస్తున్నాం. హారం పెరుగుతూ పోతోంది, రేటు 12.5 నుంచి దాదాపు 9.1 శాతానికి దిగింది. తిన్నగా పైకి సాగే గీత ఉందంటే వృద్ధి రేటు ఏటేటా తగ్గుతోందని లెక్క చేయకుండానే చెప్పవచ్చు. రేటు స్థిరంగా ఉండాలంటే గీత పైకి వంగుతూ పోవాలి.

మొత్తం నాలుగేళ్ల వృద్ధి అడిగితే ఏటేటి శాతాలను కూడకండి. ‘అ’కు 25, 20, 25, 20 కలిపితే 90 వస్తుంది. అసలు పెరుగుదల 40 నుంచి 90కి, అంటే 50/40, 125 శాతం. ప్రతి ఏటి వృద్ధీ అంతకుముందు పెరిగిన మొత్తం మీద వస్తుంది కాబట్టి ఈ తేడా. మొదటి, చివరి బిందువులు రెండే తీసుకోండి. 2019 వృద్ధి రేటు అడిగితే మాత్రం ఈ గ్రాఫు నుంచి చెప్పలేం, 2018 విలువ ఇందులో లేదు.

ఒక జాగ్రత్త. నిలువు అక్షం అడుగున ఏ అంకె ఉందో చూసిన తర్వాతే గీతను చూడండి. ‘ఆ’ గీతను 100 నుంచి మొదలుపెట్టి గీస్తే, 120 అడుగు నుంచి 20 ఎత్తులో, 180 అడుగు నుంచి 80 ఎత్తులో కనిపిస్తాయి. అమ్మకాలు నాలుగింతలైనట్టు కంటికి తోస్తుంది. నిజానికి ఒకటిన్నర రెట్లే.

వచ్చే పాఠానికి ముందు ఇది చేసి ఉంచండి. ఒక గ్రాఫులో నిలువు అక్షం మీద అమ్మకాలు కాకుండా వార్షిక వృద్ధి శాతమే ఉంది. గీత 2021లో 20 దగ్గర, 2022లో 15 దగ్గర, 2023లో 5 దగ్గర ఉంది. 2020లో అమ్మకాలు 100 కోట్లు. గీత దిగుతోంది. మరి అమ్మకాలు ఏ సంవత్సరంలో అన్నిటికంటే ఎక్కువ?