పాత వీడియోకు కొత్త శీర్షిక పెట్టాక

పాత వీడియో శీర్షిక మార్చేటప్పుడు, అది పనిచేసిందో లేదో తెలియడానికి థంబ్‌నెయిల్‌ను కదపకుండా, మార్చిన తేదీని, పాత శీర్షికను రాసి పెట్టుకోండి. యూట్యూబ్ స్టూడియోలో మర్నాడు కనిపించే క్లిక్ శాతాన్ని నమ్మవద్దు. థంబ్‌నెయిల్ 40 సార్లు కనిపించి, అంటే 40 ఇంప్రెషన్లకు, 4 క్లిక్‌లు వస్తే 10 శాతం, ఇంకొక్కరు నొక్కితే అదే 12.5 శాతం. ఇంప్రెషన్లు వేలల్లో చేరేదాకా, కనీసం 28 రోజులు ఆగి, అంతకుముందరి 28 రోజులతో, అదీ సెర్చ్ ద్వారా వచ్చినవాటిని సెర్చ్‌తోనే పోల్చాలి. ఎందుకంటే హోమ్‌లో కొత్తవారికి ఎక్కువగా చూపడం మొదలైతే వీక్షణలు పెరుగుతూనే శాతం తగ్గవచ్చు. ఆవకాయ వీడియోకు ఏప్రిల్‌లో శీర్షిక మార్చి ఫిబ్రవరితో పోలిస్తే మాత్రం గెలిచేది మామిడికాయల కాలమే, కనుక గత ఏడాది అవే వారాల లెక్కను కూడా చూడండి.