రెండో లేన్‌లో 63 సెంటీమీటర్ల తేడా

ట్రాక్‌పై 400 మీటర్ల పరుగుకు ఆరంభ గీతలు గీసినప్పుడు, లేన్ వెడల్పు 1.22 మీటర్లను 2π తో గుణించగా వచ్చిన 7.67 మీటర్లనే ప్రతి లేన్‌కూ వరుసగా కలిపాను. తర్వాత కొలిచి చూస్తే రెండో లేన్ దూరం 399.37 మీటర్లే ఉంది. ఆ పైవన్నీ అంతే తగ్గాయి.

మొదటి లేన్‌ను లోపలి గట్టు నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో కొలుస్తారు, గట్టు లేని మిగతా లేన్లను లోపలి గీత నుంచి 20 సెంటీమీటర్ల దూరంలోనే కొలుస్తారు. కాబట్టి మొదటి రెండు లేన్ల కొలత మార్గాల మధ్య ఎడం 1.12 మీటర్లే, దాన్ని 2π తో గుణిస్తే 7.04 మీటర్లు వస్తుంది.

పాత గీతలు చెరిపి, ముగింపు గీత నుంచి పరుగు దిశలో రెండో లేన్‌కు 7.04, మూడో దానికి 14.70, నాలుగో దానికి 22.37 మీటర్ల చొప్పున, టేపును తిన్నగా లాగకుండా వంపు వెంటే పరిచి గుర్తులు పెట్టాను. తిన్నగా లాగితే గుర్తు ముందుకు జరిగిపోతుంది, బయటి లేన్లలో ఇది మరీ ఎక్కువ. చివరగా వంపు కేంద్రం నుంచి తాడు లాగి, ఆ దిశలోనే ప్రతి గీతనూ గీశాను.