బ్రెడ్‌బోర్డు మీద డిజిటల్ పాఠాలు – 4: 555తో క్లాక్, R2కి రెండు పనులు

పోయిన భాగంలో 4017 కౌంటర్‌ని పుష్ బటన్‌తో నడిపించాం. ఈసారి ఆ బటన్ తీసేసి, దాని చోట సెకనుకి దాదాపు ఒక పల్స్ ఇచ్చే క్లాక్ పెడదాం. 555 ఐసీని అస్టేబుల్ పద్ధతిలో కలిపితే చాలు.

పిన్ 8, పిన్ 4 రెండూ 9 వోల్టుల ప్లస్‌కి, పిన్ 1 గ్రౌండ్‌కి. R1 పిన్ 8 నుంచి 7కి, R2 పిన్ 7 నుంచి 6కి. పిన్ 6ని 2తో కలిపి, అక్కడి నుంచి గ్రౌండ్‌కి కెపాసిటర్. పిన్ 5 నుంచి గ్రౌండ్‌కి 0.01 మైక్రోఫారడ్. అవుట్‌పుట్ పిన్ 3, అక్కడి నుంచి గ్రౌండ్‌కి రెసిస్టర్‌తో ఒక ఎల్‌ఈడీ, అవుట్‌పుట్ పైన ఉన్నంతసేపూ అది వెలుగుతుంది. R1 10 కిలో ఓమ్‌లు, R2 68 కిలో ఓమ్‌లు, కెపాసిటర్ 10 మైక్రోఫారడ్ ఎలక్ట్రోలిటిక్.

కెపాసిటర్ నిండేటప్పుడు కరెంటు R1, R2 రెండింటి గుండా వస్తుంది. అంతసేపూ అవుట్‌పుట్ పైన ఉంటుంది. వోల్టేజి సప్లైలో మూడింట రెండు వంతులకు, అంటే 6 వోల్టులకు చేరగానే ఐసీ పిన్ 7ని లోపల గ్రౌండ్‌కి కలిపేస్తుంది, అవుట్‌పుట్ కిందికి పడిపోతుంది. ఇప్పుడు చార్జి R2 గుండా మాత్రమే బయటికి పోతుంది. 3 వోల్టులకు దిగగానే పిన్ 7 వదిలేస్తుంది, మళ్లీ నిండడం మొదలు. మల్టీమీటర్‌ని పిన్ 2కీ గ్రౌండ్‌కీ మధ్య పెట్టి చూడండి, అంకెలు 3కీ 6కీ మధ్య ఎక్కుతూ దిగుతూ కనిపిస్తాయి. రెండు హద్దులూ సప్లైలో వంతులే కాబట్టి బ్యాటరీ 9 నుంచి 7 వోల్టులకు తగ్గినా వేగం పెద్దగా మారదు.

```
tH = 0.693 × (R1 + R2) × C
tL = 0.693 × R2 × C
```

మన విలువలు వేస్తే పైన ఉండే సమయం 0.54 సెకను, కింద ఉండే సమయం 0.47. మొత్తం 1.01 సెకను. డ్యూటీ సైకిల్ అంటే మొత్తంలో పైన ఉండే వాటా, ఇక్కడ సుమారు 53 శాతం. సప్లై ఇచ్చాక మొదటి వెలుగు మాత్రం 0.86 సెకను దాకా ఉంటుంది. కెపాసిటర్ అప్పుడు 3 నుంచి కాకుండా సున్నా నుంచి నిండాలి కదా.

తిరుపతిలో మా ఆదివారం క్లాసుకి పుత్తూరు నుంచి వచ్చే డిప్లొమా అమ్మాయి ఒకసారి, "సార్, లైటు ఆరతానే లేదు. ఒక్కో తూరి రెప్ప కొట్టినట్టు పోయి వస్తా ఉంది" అంది. బోర్డు చూస్తే నీలం-బూడిద-నారింజ రెసిస్టర్ 8, 7 మధ్య ఉంది, గోధుమ-నలుపు-నారింజ 7, 6 మధ్య ఉంది. రెండూ తారుమారు. R1 68, R2 10 అయ్యాయన్న మాట. లెక్క వేయండి: రెండింటి మొత్తం అదే 78 కాబట్టి వెలిగే సమయం అదే 0.54. ఆరే సమయం మాత్రం 0.07కి పడిపోయింది. డ్యూటీ 89 శాతం, వేగం సెకనుకి 1.64.

ఈ పాఠంలో మీకు పట్టుబడాల్సింది ఇదే. R2 నింపేటప్పుడూ ఉంది, ఖాళీ చేసేటప్పుడూ ఉంది. R1 నింపేటప్పుడే ఉంది. అందుకే ఈ కనెక్షన్‌లో వెలిగే సమయం ఎప్పుడూ ఆరే సమయం కన్నా ఎక్కువే. R2తో పోలిస్తే R1 ఎంత చిన్నదైతే డ్యూటీ 50 శాతానికి అంత దగ్గరవుతుంది. అలాగని R1ని తీసేసి వైరు పెట్టకండి. పిన్ 7 గ్రౌండ్‌కి కలిసిన ప్రతిసారీ సప్లై నేరుగా షార్ట్ అయి ఐసీ పోతుంది. ఒక కిలో ఓమ్ కన్నా తగ్గించకపోవడం మంచిది. కెపాసిటర్ మార్చితే రెండు సమయాలూ ఒకే పాళ్లలో మారతాయి, డ్యూటీ కదలదు. కాబట్టి ముందు రెసిస్టర్లతో డ్యూటీ కుదుర్చుకుని, తర్వాత కెపాసిటర్‌తో వేగం ఎంచుకోండి.

లెక్కకీ బోర్డుకీ తేడా వస్తే ముందు ఎలక్ట్రోలిటిక్‌నే అనుమానించాలి. దాని మీద 10 అని రాసి ఉన్నా 20 శాతం అటూఇటూ ఉండడం మామూలే. ఒక నిమిషం పాటు వెలుగులు లెక్కపెట్టండి. 59 రావాలి. 50 వచ్చాయనుకోండి, ఒక్కో చక్రం 1.2 సెకను, అంటే మీ చేతిలో ఉన్నది నిజానికి 11.9 మైక్రోఫారడ్. ఆ విలువతోనే లెక్క తిరగేయండి.

ఇక పిన్ 3ని 4017 క్లాక్ పిన్ 14కి కలపండి. కౌంటర్ ఒక్కోసారి రెండేసి అంకెలు దాటేస్తుంటే కారణం చాలాసార్లు సప్లైలోనే దొరుకుతుంది. మామూలు 555 అవుట్‌పుట్ మారే క్షణంలో సప్లై నుంచి గట్టిగా కరెంటు లాగుతుంది, ఆ కుదుపుని కౌంటర్ ఇంకో పల్స్ అనుకుంటుంది. 555 పిన్ 8, 1 మధ్య ఐసీకి ఆనుకునేలా 0.1 మైక్రోఫారడ్ సిరామిక్ పెట్టి చూడండి.

వచ్చే భాగానికి ముందు చేయాల్సింది: R1ని 10 దగ్గరే ఉంచి R2ని 33 కిలో ఓమ్‌లు చేయండి. వేగం, డ్యూటీ కాగితం మీద తేల్చాకే సప్లై ఇవ్వండి. 50 శాతం కన్నా తక్కువ డ్యూటీ కావాలంటే R2 పక్కన ఒక డయోడ్ చేరాలి, అది ఐదో భాగంలో.