వాక్యంలో ఎవరి పాత్ర ఏమిటి? – పాఠం 5: అనుభోక్తను పట్టుకోవడం

పోయిన పాఠంలో రెండు పరీక్షలు నేర్చుకున్నాం. వాక్యంలో 'కావాలని' అనే మాట చేర్చి చూడటం మొదటిది. 'రవి కావాలని గ్లాసు పగలగొట్టాడు' అనగలం కాబట్టి ఆ వాక్యంలో రవి ఏజెంట్, అంటే తన ఇష్టంతో పని చేసినవాడు. 'దానికి ఏమైంది?' అని అడగడం రెండోది. 'గ్లాసుకి ఏమైంది? పగిలింది' అని జవాబు వస్తోంది కాబట్టి గ్లాసు పేషెంట్, అంటే మార్పుకు లోనైనది. బడిలో నేర్చుకున్న కర్త, కర్మ అనే పేర్లను కావాలనే వాడటం లేదు. బడి వ్యాకరణంలో అవి ఎక్కువగా వాక్యంలోని స్థానాన్ని చెబుతాయి. మనకు కావాల్సింది జరిగిన సంగతిలో ఆ మనిషికో వస్తువుకో ఉన్న పాత్ర.

ఇంటిపనిగా ఇచ్చిన 'గాలి తలుపు తెరిచింది' అనే వాక్యంలో గాలిని ఏజెంట్ అని రాసినవాళ్లు 'కావాలని' చేర్చి మళ్లీ చదవండి. వాక్యం నిలబడదు. గాలి కారణమే, కానీ ఏజెంట్ కాదు. తలుపు మాత్రం నిస్సందేహంగా పేషెంట్.

ఈ పాఠంలో మూడో పాత్ర అనుభోక్త. మామూలుగా చెప్పే నిర్వచనం చిన్నదే: ఒక భావాన్నో, ఇంద్రియ జ్ఞానాన్నో, ఆలోచననో మనసులో పొందే ప్రాణి. చదివితే తేలిగ్గానే ఉంటుంది, వాడటం మొదలుపెట్టాకే చిక్కులు తెలుస్తాయి. ఒకే భయాన్ని మూడు రకాలుగా చెప్పి చూద్దాం.

(1) రవి పామును చూసి భయపడ్డాడు.
(2) పామును చూసి రవికి భయం వేసింది.
(3) పాము రవిని భయపెట్టింది.

మూడింటిలోనూ భయం పుట్టింది రవి మనసులోనే. కానీ మొదటి వాక్యంలో 'రవి', రెండో దాంట్లో 'రవికి', మూడో దాంట్లో 'రవిని'. అంటే విభక్తిని చూసి పాత్ర చెప్పేయడం కుదరదు. నేర్చుకునేవాళ్లు చేసే మొదటి పొరపాటు ఇక్కడే: 'కి, కు' కనిపించగానే అనుభోక్త అని రాసేస్తారు. 'రవికి ఉత్తరం వచ్చింది', 'రవికి కోపం వచ్చింది' అనే రెండు వాక్యాలను పక్కపక్కన పెట్టండి. క్రియ అదే, విభక్తీ అదే. రవి స్థానంలో 'ఆఫీసుకి' అని పెడితే తేడా తెలిసిపోతుంది. ఆఫీసుకి ఉత్తరం వస్తుంది, కోపం రాదు. ఉత్తరం విషయంలో రవి అందుకున్నవాడు మాత్రమే. కోపం విషయంలోనే అనుభోక్త.

ప్రాణం లేనిదాన్ని పెట్టి చూసే ఈ పరీక్ష చాలా వాక్యాలకు సరిపోతుంది, అన్నిటికీ కాదు. 'రవికి జ్వరం వచ్చింది' తీసుకోండి. ఆఫీసుకి జ్వరం రాదు కదా, మరి రవి అనుభోక్తేనా? ఇక్కడ ఇంకాస్త పదునైన పరీక్ష కావాలి. రవికి స్పృహ లేదనుకుందాం. 'స్పృహలో లేని రవికి జ్వరం వచ్చింది' అని డాక్టర్ మామూలుగానే అంటారు. 'స్పృహలో లేని రవికి కోపం వచ్చింది' అంటే వినేవాళ్లు ఆగి చూస్తారు. 'స్పృహలో లేని రవికి ఆకలి వేసింది' అన్నా అంతే. కాబట్టి కోపం, ఆకలి అనుభవాలు. జ్వరం శరీరంలో వచ్చిన మార్పు, అది ఆ మనిషికి తెలిసినా తెలియకపోయినా ఉంటుంది. ఆ వాక్యంలో రవి పేషెంట్‌కి దగ్గరవాడు. ఈ పరీక్షకు స్పృహ పరీక్ష అని పేరు పెట్టుకుందాం.

ఇప్పుడు ఇదే పరీక్షను 'రవికి పాములంటే భయం' అనే వాక్యానికి పెట్టండి. రవి గాఢ నిద్రలో ఉన్నాడు, కలలు కూడా రావడం లేదు. ఆ క్షణంలో 'రవికి పాములంటే భయం' అన్న మాట నిజమేనా? నిజమే. 'రవికి భయం వేస్తోంది' అన్న మాట? కాదు. 'రవికి ఈత తెలుసు' అన్నది కూడా నిద్రలో నిజమే. అయినా తెలుసు, ఇష్టం, భయం లాంటి వాక్యాల్లోని మనిషిని అనుభోక్త అనే దాదాపు అందరూ రాస్తారు.

నిర్వచనం బీటలిచ్చేది సరిగ్గా ఇక్కడే. అనుభోక్త అంటే ఆ క్షణంలో అనుభవిస్తున్నవాడా, లేక ఒక మానసిక స్థితి ఎవరికి ఉందో వాళ్లా? మొదటి అర్థం పట్టుకుంటే 'రవికి ఈత తెలుసు' జారిపోతుంది. రెండో అర్థం పట్టుకుంటే దానికీ 'రవికి ఇల్లు ఉంది' అనే వాక్యానికీ మధ్య గీత పలచబడుతుంది, ఎందుకంటే ఇప్పుడు రవి ఒక స్థితిని కలిగి ఉన్నవాడు, అంతే. నా మటుకు నేను రెండు రకాలనూ విడిగా గుర్తు పెట్టుకుంటాను: భయం వేసినవాడు ఒకడు, భయం ఉన్నవాడు ఒకడు. మీరు విశ్లేషణ రాసేటప్పుడు ఏ అర్థంలో వాడుతున్నారో ముందే ఒక వాక్యంలో చెప్పండి, సగం వాదనలు తగ్గుతాయి.

ఈ ఇబ్బంది కొత్తది కాదు. భాషాశాస్త్రవేత్త చార్లెస్ ఫిల్‌మోర్ 1968లో రాసిన ప్రసిద్ధ వ్యాసంలో ఆరు పాత్రలే ఇచ్చాడు, వాటిలో అనుభోక్త లేదు. అప్పుడు ఆయన డేటివ్ అని పిలిచిన పాత్రలో, క్రియ చెప్పే స్థితికో పనికో లోనైన ప్రాణులన్నీ ఇమిడిపోయాయి. నమ్మేవాడూ అందులోనే, చంపబడినవాడూ అందులోనే. ఆ ఇద్దరిలో ఉమ్మడిగా ఏమీ కనిపించదు కదా. తర్వాతి వ్యాసాల్లో ఆయనే ఆ పాత్రను విడగొట్టి అనుభోక్తకు వేరే చోటు ఇచ్చాడు.

సంస్కృత వ్యాకరణం రాసిన పాణిని ఇంకో దారి పట్టాడు. క్రియతో ముడిపడిన పాత్రలను ఆయన కారకాలు అన్నాడు. అనుభోక్త అనే ఒక్క కారకాన్ని నిర్వచించే ప్రయత్నమే చేయలేదు, క్రియల గుంపును బట్టి సూత్రాలు ఇచ్చాడు. 'రుచ్యర్థానాం ప్రీయమాణః' అన్న సూత్రం ప్రకారం, నచ్చడం అనే అర్థమున్న ధాతువులతో ఆ నచ్చినవాడు సంప్రదానం, అంటే దానం పుచ్చుకునేవాడు ఉండే గుంపులోనే. 'భీత్రార్థానాం భయహేతుః' ప్రకారం, భయపడటం, కాపాడటం అనే అర్థాలున్న ధాతువులతో భయానికి కారణమైనది అపాదానం, అంటే దేని నుంచి విడిపోతామో అది ఉండే గుంపులోనే. మరి భయపడినవాడు? వాడు కర్త. పాణిని కర్తను 'స్వతంత్రుడు' అని మాత్రమే అన్నాడు, కావాలని చేయాలనే షరతు పెట్టలేదు. అందుకే నచ్చినవాడు ఒక కారకంలో, భయపడినవాడు ఇంకో కారకంలో ఉన్నా ఆయన పద్ధతి చెడదు. పాత్రకు ఒక్క అర్థంతో గీత గీయాలనుకున్నవాళ్లకే ఆ తలనొప్పి.

మన మూడు వాక్యాలకు తిరిగి వెళ్లి, పాత పరీక్షలు పెడదాం. 'రవి కావాలని భయపడ్డాడు' అంటే నటిస్తున్నాడనే అర్థం వస్తుంది తప్ప నిజమైన భయం కాదు. కాబట్టి (1)లో కూడా రవి ఏజెంట్ కాదు. కానీ 'రవీ, భయపడకు' అని మామూలుగానే అంటాం. 'చీకటికి భయపడటం మానేశాడు' అనీ అంటాం. (2)లోని క్రియతో ఇవి రెండూ కుదరవు, 'భయం వేయకు' అని ఎవరూ అనరు. అంటే (1)లోని రవికి తన భయం మీద కొంచెమైనా పట్టు ఉందని భాష ఒప్పుకుంటోంది, (2)లోని రవికి అదీ లేదు. పాత్ర పేరు ఒకటే, లోపల తేడా ఉంది.

(3)లో 'రవికి ఏమైంది?' అని అడిగితే 'భయపడిపోయాడు' అని జవాబు వస్తుంది. అంటే పేషెంట్ పరీక్షలో రవి నెగ్గాడు. స్పృహ పరీక్షలోనూ నెగ్గుతాడు, స్పృహ లేనివాణ్ని భయపెట్టలేం. మరి రవి పేషెంటా, అనుభోక్తా? రెండూ అనిపిస్తుంది. కానీ భాషాశాస్త్రవేత్త నోమ్ చామ్‌స్కీ 1981లో పెట్టిన నియమం ప్రకారం ఒక్కొక్కరికి ఒక్కటే పాత్ర ఉండాలి. ఆ నియమాన్ని పాటించాలంటే ఏదో ఒకటి వదులుకోవాలి.

ఈ ముడిని వేరే విధంగా విప్పినవాడు డేవిడ్ డౌటీ అనే మరో భాషాశాస్త్రవేత్త. 1991లో ఆయన పాత్రలను గళ్లుగా చూడటం మానేసి లక్షణాలను లెక్కపెట్టాడు. ఇష్టపూర్వకంగా పాల్గొనడం, తెలివిడి ఉండటం, ఇంకోదానిలో మార్పు తేవడం లాంటివి ఏజెంట్ వైపు లక్షణాలు. స్థితి మారడం, మరోదాని ప్రభావానికి లోనవడం లాంటివి పేషెంట్ వైపువి. ఏజెంట్ వైపు ఎక్కువ లక్షణాలున్నది వాక్యానికి కర్తృస్థానంలో, పేషెంట్ వైపు ఎక్కువ ఉన్నది కర్మస్థానంలో నిలుస్తుంది.

మన పాముకి, రవికి ఇది పెట్టి చూడండి. రవికి తెలివిడి ఉంది. భయానికి కారణం పాము. ఏజెంట్ వైపు చెరొకటి, సమానం. ఇప్పుడు అది స్థితా, సంఘటనా అని చూడాలి. 'రవి సీతను ద్వేషిస్తున్నాడు' అన్నది స్థితి, ఎవరిలోనూ మార్పు చెప్పడం లేదు. అక్కడ అనుభోక్త కర్తృస్థానంలో ఉండటానికి అడ్డు లేదు. 'పాము రవిని భయపెట్టింది' అన్నది సంఘటన. రవి స్థితి మారింది, కాబట్టి పేషెంట్ వైపు ఒక లక్షణం అదనంగా చేరి రవి కర్మస్థానంలోకి వెళ్లాడు. విసిగించు, కంగారుపెట్టు, ఏడిపించు అన్న క్రియలకు ఇదే లెక్క వేసి చూసుకోండి, సరిపోతుంది.

నాకు ఈ పద్ధతి చాలా నచ్చుతుంది, కానీ దీని హద్దు కూడా తెలిసి వాడాలి. కర్తృస్థానం, కర్మస్థానం ఎవరికి దక్కుతాయన్న ప్రశ్నకే ఈ లెక్క జవాబిస్తుంది. (2)లోని 'రవికి' ఎందుకు 'కి'తో వచ్చాడో అది చెప్పదు. పైగా 'పామును చూసి రవికి భయం వేసింది' అన్న వాక్యంలో చూసింది రవే. క్రియ మాత్రం భయాన్ని అనుసరించి 'వేసింది' అని ఉంది. అంటే కర్తృస్థానపు లక్షణాల్లో కొన్ని రవి దగ్గర, కొన్ని భయం దగ్గర పంచుకుని ఉన్నాయి. అసలు ఇక్కడ కర్తృస్థానం ఎవరిదో తేల్చకుండా లెక్క మొదలుపెట్టలేం.

ఇంటిపని. కింది నాలుగు వాక్యాల్లో రవి పాత్ర ఏమిటో రాయండి. పేరు ఒక్కటే రాస్తే చాలదు, ఏ పరీక్ష పెట్టారో, అది ఏం చెప్పిందో కూడా రాయండి.

రవికి ఆ పాట గుర్తొచ్చింది.
రవి ఆ పాటను గుర్తు చేసుకున్నాడు.
రవికి బహుమతి వచ్చింది.
రవికి మత్తు ఎక్కింది.

రెండో వాక్యంలో 'కావాలని' పరీక్ష, స్పృహ పరీక్ష రెండూ పెట్టండి. నాలుగో దాంట్లో మత్తు మొదలైన క్షణాన్నీ, పూర్తిగా స్పృహ తప్పిన క్షణాన్నీ వేరువేరుగా చూడండి. ఆరో పాఠం ఆ వాక్యంతోనే మొదలుపెడతాను.